చెరువు గట్టు మీద తడి చేతులతో ఫోన్: టచ్ సరిగా పనిచేయాలంటే స్పెక్స్‌లో ఏం చూడాలి?

శ్రీను_ఆక్వా (భీమవరం దగ్గర)

అందరికీ నమస్కారం అండి. మాది రొయ్యల చెరువుల పని. రోజుకు నాలుగు సార్లు మేత వేయిస్తాను, చెక్ ట్రే పైకి లాగి చూసి ఎంత మిగిలిందో యాప్‌లో రాస్తాను. రాత్రి ఆక్సిజన్ రీడింగులు కూడా అందులోనే. చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, అదీ ఉప్పునీళ్ళు. బ్లీచింగ్ చల్లే రోజు గ్లౌజులు ఉంటాయి.

ఫోన్ కొని ఏడాదిన్నర అయింది. అంచులు వంపు తిరిగిన స్క్రీన్. మూడు నెలల క్రితం టెంపర్డ్ గ్లాస్ వేయించాను. ఇప్పుడు బాధ ఏమిటంటే, ఒక్కోసారి నొక్కితే అసలు పలకదు. ఇంకోసారి ఎవరూ ముట్టుకోకుండానే దానంతట అదే తెరుచుకుంటుంది. మొన్న రాత్రి రెండు గంటలకు మేత డీలర్‌కి కాల్ వెళ్ళిపోయింది, ఆయన కంగారుపడి తిరిగి చేశారు. గ్లౌజులతో అయితే పూర్తిగా సున్నా.

కొత్త ఫోన్ తీసుకుందామని షాపుకి వెళ్తే, "IP68 ఉన్నది, 240 హెర్ట్జ్ టచ్ ఉన్నది తీసుకోండి, తడిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అన్నారు. పాతిక వేలు పెట్టాలి. పంట చేతికి రాకముందు అంత పెట్టాలంటే ఆలోచన. నిజంగా ఆ రెండూ ఉంటే సరిపోతుందా?

కిట్టు_గేమింగ్ (హైదరాబాద్)

అన్నా, 240 హెర్ట్జ్ కచ్చితంగా తేడా చూపిస్తుంది. నా పాత ఫోన్‌లో 120 ఉండేది, ఇప్పుడున్న దాంట్లో 240. వేలు పెట్టగానే పలుకుతుంది. స్క్రీన్ సెకనుకు ఎక్కువ సార్లు వేలిని వెతుకుతుంది కాబట్టి టచ్ మిస్ అయ్యే ఛాన్స్ తక్కువ. IP68 ఉంటే నీళ్ళ టెన్షన్ కూడా ఉండదు. తీసేసుకో.

పద్మజ_ఫర్మ్‌వేర్ (బెంగళూరు)

కిట్టు, మొదటి సగం నిజమే. 120 అంటే సుమారు ఎనిమిది మిల్లీ సెకన్లకు ఒకసారి, 240 అంటే నాలుగు మిల్లీ సెకన్లకు ఒకసారి స్క్రీన్ వేలి కోసం చూస్తుంది. ఆటలో ఆ తేడా తెలుస్తుంది. కానీ వేలి నుంచి వచ్చే సంకేతమే బలహీనంగా ఉంటే సెకనుకు ఎన్ని సార్లు చూసినా కనబడేది అదే బలహీనమైన సంకేతం. చీకట్లో ఎక్కువ సార్లు కళ్ళు ఆర్పినంత మాత్రాన చూపు పెరగదు కదా.

IP68 అంటే లోపలికి దుమ్ము, నీరు పోకుండా ఆపడం. పైన నీళ్ళు ఉన్నప్పుడు టచ్ ఎలా ఉంటుందో ఆ పరీక్షలో చూడరు. పైగా ఆ పరీక్ష మంచినీళ్ళతో చేస్తారు. ఉప్పునీళ్ళలో తిరిగే మనిషికి అది ఇంకో విషయం.

శ్రీను గారూ, డబ్బు పెట్టే ముందు మూడు విషయాలు చూసి చెప్పండి. ఒకటి, చేతులు పొడిగా తుడుచుకుని మెల్లగా తాకితే పలకకుండా, గట్టిగా నొక్కితే పలుకుతోందా? రెండు, స్క్రీన్ మధ్యలో ఎక్కువ ఇబ్బందా, అంచుల దగ్గరా? మూడు, ఆ టెంపర్డ్ గ్లాస్‌కి జిగురు అంతటా ఉందా, చుట్టూ అంచుకి మాత్రమే ఉందా?

సుబ్బారావు_మాస్టారు (రాజమహేంద్రవరం)

నాదీ ఇదే సమస్య. గ్లాస్ వేయించినప్పటి నుంచి వేలిముద్ర తీసుకోవడం లేదు. శుభ్రంగా చేతులు కడుక్కుని వచ్చి పెట్టినా "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. పెన్షన్ యాప్ తెరవాలంటే అరగంట. టచ్ మార్పిస్తే పోతుందా?

రమణ_సర్వీస్ (విజయవాడ, బీసెంట్ రోడ్)

మాస్టారూ, మీది వేరే సంగతి అండి. వేలిముద్ర చదివేది స్క్రీన్ కింద ఉన్న చిన్న సెన్సర్, టచ్ ప్యానెల్ కాదు. టచ్ మార్పించకండి, డబ్బు దండగ. గ్లాస్ పైన ఉండగానే పాత వేలిముద్ర తీసేసి, చేతులు పూర్తిగా ఆరాక మళ్ళీ కొత్తగా నమోదు చేయండి. చాలా మందికి దాంతో సరిపోతుంది. సరిపోకపోతే ఆ గ్లాస్ మీ ఫోన్ సెన్సర్‌కి పడటం లేదన్నమాట, తీయించి మామూలు ఫిల్మ్ వేయించుకోండి.

శ్రీను గారికి నా మాట: గ్లాస్ మందం తగ్గించండి. 0.33 మిల్లీమీటర్ల బదులు 0.2 వేయించండి. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, మందమే అన్నిటికీ మూలం.

శ్రీను_ఆక్వా

పద్మజ గారూ, మీరు చూసినట్టే చెప్పారు. పొడి చేత్తో కూడా మెల్లగా తాకితే పలకదు, అదిమి నొక్కితే పలుకుతుంది. మధ్యలో ఎక్కువ ఇబ్బంది. యాప్‌లో "సేవ్" బటన్ సరిగ్గా మధ్యలోనే ఉంది, దానితోనే రోజూ గొడవ. జిగురు చుట్టూ నల్లటి అంచుకి మాత్రమే ఉంది. వంపు స్క్రీన్‌కి అదే దొరుకుతుందని షాపులో చెప్పారు.

పద్మజ_ఫర్మ్‌వేర్

అయితే మీ మొదటి బాధకు కారణం తెలిసిపోయింది. గాజు కాదు, గాజు కింద చిక్కుకున్న గాలి.

స్క్రీన్ అద్దం కింద కంటికి కనిపించని సన్నని తీగల వల ఉంటుంది, అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని. అడ్డ తీగల్లో సంకేతం పంపి నిలువు తీగల్లో ఎంత అందుతోందో కొలుస్తూ ఉంటుంది. వేలు దగ్గరకి వస్తే ఆ సంకేతంలో కొంత వేలి మీదుగా మన ఒంట్లోకి పోతుంది. తగ్గిన చోట వేలు ఉందని లెక్క. అంటే అసలు ప్రశ్న వేలికి, ఆ వలకి మధ్య ఎంత అడ్డు ఉందన్నది. ఈ అడ్డు విషయంలో గాజు మంచిది, గాలి చెడ్డది. 0.1 మిల్లీమీటర్ గాలి సుమారు 0.7 మిల్లీమీటర్ల గాజుతో సమానం.

ఇప్పుడు మీ ఫోన్ లెక్క వేద్దాం, అంచనాగానే. ఫోన్ సొంత అద్దం 0.6 మిల్లీమీటర్లు అనుకోండి. దాని మీద టెంపర్డ్ గ్లాస్ 0.33. జిగురు అంచుకే ఉంది కాబట్టి మధ్యలో 0.15 మిల్లీమీటర్ గాలి నిలిచింది అనుకుంటే, అది ఒక్కటే ఒక మిల్లీమీటర్ గాజుకి పైగా. మొత్తం కలిపితే 0.6 ఉండాల్సిన చోట 2 మిల్లీమీటర్ల గాజు కింద నుంచి మీ వేలిని వెతుకుతోంది. మీరు అదిమినప్పుడు గ్లాస్ వంగి ఆ గాలి బయటికి పోతుంది, అప్పుడు పలుకుతుంది. అంచుల దగ్గర జిగురు ఉంది కాబట్టి అక్కడ బాగుంటుంది.

రమణ గారూ, మీరు చెప్పిన 0.2 గ్లాస్ వేస్తే తగ్గేది 0.13 మాత్రమే. గాలి అలాగే ఉంటే ఆయనకి పెద్దగా తేడా తెలియదు. ప్యాకెట్ మీద ఉండే 9H కూడా గీతలు పడకుండా ఉండే గట్టిదనం గురించే, దానికి టచ్‌తో సంబంధం లేదు.

రమణ_సర్వీస్

గాలి సంగతి ఒప్పుకుంటానమ్మా, ఇన్నాళ్ళూ అంచు జిగురు గ్లాసులకే ఎక్కువ కంప్లైంట్లు ఎందుకొస్తాయో ఇప్పుడు అర్థమైంది. అలాగని నీళ్ళలాంటి జిగురు పోసి యూవీ లైట్ పెట్టే గ్లాస్ వేయించమని మాత్రం చెప్పకండి. గాలి ఉండదు, టచ్ బాగుంటుంది, నిజమే. కానీ వేసేవాడు జాగ్రత్తగా లేకపోతే ఆ జిగురు పైన వినిపించే స్పీకర్‌లోకి, పక్క బటన్లలోకి కారి గట్టిపడుతుంది. నా దగ్గరికి నెలకి నాలుగైదు అలాంటివే వస్తాయి. వంపు స్క్రీన్ అయితే మెత్తటి హైడ్రోజెల్ ఫిల్మ్ మేలు. పడితే అద్దాన్ని అంతగా కాపాడదు, కానీ మొత్తం అతుక్కుని ఉంటుంది.

శ్రీను_ఆక్వా

నిన్న సాయంత్రం ఆకివీడు వెళ్ళి గ్లాస్ తీయించేశాను. రమణ గారు చెప్పిన ఫిల్మ్ వేయించాను, 300 రూపాయలు. పొడి చేత్తో ఇప్పుడు తాకితే చాలు. మధ్యలో, అంచుల్లో ఒకేలా ఉంది. ఇంకో సంతోషం, మందుల షాపులో దొరికే పలచని నీలం నైట్రైల్ గ్లౌజులతో కూడా పలుకుతోంది! బ్లీచింగ్‌కి వాడే మందపాటి రబ్బరు గ్లౌజులతో మాత్రం పలకడం లేదు.

తడి చేతుల బాధ అలాగే ఉంది. చుక్కలు పడితే దానంతట అదే తెరుచుకోవడం పోలేదు. ఇంకా చెప్పాలంటే కొంచెం పెరిగింది.

నవీన్_రైడర్ (హైదరాబాద్)

నాకూ ఇదే. డెలివరీ చేస్తాను. వాన పడితే హ్యాండిల్ మీద ఫోన్‌లో మ్యాప్ జూమ్ అవుతుంది, ఆర్డర్ దానంతట అదే మారిపోతుంది. ఒకసారి "డెలివరీ అయింది" నొక్కేసుకుంది, కస్టమర్ ఇంటికి ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది. ఆ రోజు సగం ఇన్సెంటివ్ పోయింది. తుడిచిన వెంటనే ఇంకా పిచ్చిగా నొక్కుకుంటుంది, అదేమిటో అర్థం కాదు. బండి ఛార్జర్ పెట్టి ఉంటే మరీ ఎక్కువ.

పద్మజ_ఫర్మ్‌వేర్

శ్రీను గారూ, పెరగడం సహజమే. అడ్డు తగ్గింది కాబట్టి వేలు బాగా కనిపిస్తోంది, నీళ్ళూ బాగా కనిపిస్తున్నాయి.

నీటి చుక్క ఒంటరిగా ఉంటే దాన్ని గుర్తుపట్టడం అంత కష్టం కాదు. వేలు సంకేతాన్ని తగ్గిస్తే, ఒంటరి చుక్క అడ్డ తీగ నుంచి నిలువు తీగకి ఇంకొంచెం ఎక్కువ సంకేతం దాటిస్తుంది. గుర్తు తలకిందులుగా ఉంటుంది కాబట్టి టచ్‌ని లెక్కించే కంట్రోలర్ చిప్ "ఇది వేలు కాదు" అని వదిలేయగలదు. చిక్కు ఎక్కడంటే, ఆ చుక్క మీ వేలికో, ఫోన్ లోహపు అంచుకో తగిలిన క్షణంలో అది మీ ఒంటిలో భాగమైపోతుంది. అప్పుడు చుక్క ఎంత మేర పరుచుకుంటే అంత మేరా వేలే. మీరు "సేవ్" మీద పెట్టారు, చుక్క పక్కనున్న "కాల్" దాకా పాకింది, ఫోన్‌కి రెండూ ఒకటే.

ఇక మీ ఉప్పునీళ్ళ సంగతి. చుక్కగా నిలబడితే మంచినీళ్ళు కూడా ఇంతే చేస్తాయి. తేడా పలచని పొరగా మారినప్పుడు. అరచేత్తో రాశాక మిగిలే తేమ మంచినీళ్ళదైతే దాని గుండా సంకేతం అంతగా పాకదు, ఉప్పునీళ్ళదైతే పాకుతుంది. ఆరాక మిగిలే ఉప్పు మళ్ళీ గాలిలో తేమ లాక్కుంటుంది. అందుకని మీ జేబులో మంచినీళ్ళతో తడిపి పిండిన గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి ఉంచుకోండి. ముందు తడి గుడ్డతో ఉప్పు తీసి, తర్వాత పొడి గుడ్డతో తుడవాలి.

నవీన్, తుడిచాక ఎందుకు ఎక్కువవుతుందో చెప్తాను. స్క్రీన్ ఎప్పటికప్పుడు "ఎవరూ తాకనప్పుడు నేను ఇలా ఉంటాను" అని ఒక లెక్క గుర్తుపెట్టుకుంటుంది. వాన చుక్క కాసేపు కదలకుండా ఉంటే దాన్ని కూడా ఆ లెక్కలో కలిపేసుకుంటుంది. మీరు ఒక్కసారిగా తుడిచేస్తే ఆ చోట సంకేతం తగ్గినట్టు కనిపిస్తుంది, అంటే వేలు పెట్టినట్టు. కొన్ని సెకన్లు అలా ఉండి సర్దుకుంటుంది. అందుకే తుడిచే ముందు పవర్ బటన్‌తో స్క్రీన్ ఆపండి, తుడిచాక వెలిగించండి. చాలా ఫోన్లలో అప్పుడు లెక్క కొత్తగా మొదలవుతుంది. బండి ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ గోల టచ్ సంకేతంలో కలుస్తుంది, ఆ అనుమానం సరైనదే. వానలో ఆ వైరు తీసేసి పవర్ బ్యాంక్‌తో ఒకరోజు నడిపి చూడండి.

మాధవి_విన్నిపెగ్ (కెనడా)

ఇక్కడ చలికాలం మైనస్ 30 వస్తుంది, బస్ స్టాప్‌లో గ్లౌజులు తీస్తే రెండు నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారిపోతాయి. కాబట్టి గ్లౌజుల గురించి చెప్పగలను. ఊలు గ్లౌజుల్లో ఎక్కువ భాగం గాలే, పద్మజ గారు చెప్పిన లెక్క ప్రకారం అది ఎందుకు పలకదో ఇప్పుడు తెలిసింది. వేలి కొనకు లోహపు పూత ఉన్న దారం కలిపి నేసిన గ్లౌజులు దొరుకుతాయి. కొనేటప్పుడు లోపల వైపు కూడా తడిమి చూడండి. ఆ దారం చర్మానికి తగలాలి. పైన అలంకారంగా అంటించినవి నాకు ఒక్క వారం కూడా పనిచేయలేదు. వేలి కొన వదులుగా ఉన్నా పలకదు.

2012లో నోకియా లూమియా 920 మామూలు గ్లౌజులతో కూడా పనిచేసేది, ఆ ఫోన్ మా ఆయన దగ్గర చాలా కాలం ఉంది. ఇప్పటి సామ్‌సంగ్‌లో Settings లో Display లోపల Touch sensitivity అని ఉంటుంది, అది ఆన్ చేస్తే పలచని గ్లౌజులతో నాకు పనిచేస్తోంది. కానీ మంచు పడుతున్నప్పుడు అది ఆన్‌లో ఉంటే నరకం. మంచు కరిగిన ప్రతి చోటా నొక్కుకుంటుంది. జేబులో కూడా నొక్కుకుంది.

పద్మజ_ఫర్మ్‌వేర్

మాధవి గారూ, మీరు చెప్పిన చివరి మాటే ఈ చర్చలో నేను అందరికీ చెప్పాలనుకుంటున్నది. గ్లౌజుల సెట్టింగ్ చేసేది, ఎంత చిన్న మార్పు కనిపించినా వేలు అనుకోమని చెప్పడం. తడిలో కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం, అనుమానం ఉంటే వదిలేయమని చెప్పడం. రెండూ ఒకేసారి పూర్తిగా రావు. శ్రీను గారూ, మందపాటి గ్లౌజుల కోసం ఆ సెట్టింగ్ ఆన్ చేసి మర్చిపోతే చెరువు గట్టు మీద డీలర్‌కి మళ్ళీ కాల్ వెళ్తుంది.

మీ ఫోన్ తడిని ఎంత తట్టుకుంటుందో మీరే చూడవచ్చు. Settings లో About phone లో Build number మీద ఏడు సార్లు నొక్కితే Developer options వస్తుంది. అందులో Pointer location ఆన్ చేయండి. వేలు ఎక్కడ అనుకుంటోందో అక్కడ గీతలు కనిపిస్తాయి. కంప్యూటర్‌కి కలిపి USB debugging ఆన్ చేసుకున్నవారు ఇలా కూడా చేయవచ్చు, చివర 0 పెడితే ఆగిపోతుంది:

```
adb shell settings put system pointer_location 1
```

ముందు ఫోన్‌ని బల్ల మీద పెట్టి ఒక చుక్క వేసి చూడండి, తాకకుండా. తర్వాత చుక్క పక్కనే వేలు పెట్టండి. తర్వాత చుక్కని వేలికి కలపండి. ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

శ్రీను_ఆక్వా

చేశానండి, మా అబ్బాయి వీడియో కూడా తీశాడు. చుక్క ఒక్కటే ఉంటే ఒక్క గీత కూడా రాలేదు. పక్కన వేలు పెడితే సరిగ్గా వేలి దగ్గరే వచ్చింది. చుక్కకి వేలు తగలగానే రెండు గీతలు, ఒకటి నా వేలి దగ్గర, ఒకటి చుక్క అవతలి కొసన. మూడు సార్లూ అంతే. చెరువు నీళ్ళు పలచగా రాసి వేలు పెడితే గీత ఒక అంగుళం అటూ ఇటూ పరిగెత్తింది. ఫిల్టర్ నీళ్ళు రాసి చేస్తే కొద్దిగా వణికింది, అంతే.

నవీన్‌కి చెప్పిన పవర్ బటన్ చిట్కా కూడా చేశాను. తుడిచాక దానంతట అదే నొక్కుకోవడం ఆగింది.

కిట్టు_గేమింగ్

మరి ఈ మధ్య వన్‌ప్లస్ "ఆక్వా టచ్" అని, రియల్‌మీ "రెయిన్‌వాటర్ టచ్" అని చెప్తున్నాయి కదా పద్మజ అక్కా. అవి ఉత్త ప్రచారమేనా? 240 గురించి నేను తప్పుగా చెప్పాను, ఒప్పుకుంటున్నాను. ఇవైనా స్పెక్స్‌లో చూడొచ్చా?

పద్మజ_ఫర్మ్‌వేర్

ఉత్త ప్రచారం కాదు. ఒకే స్క్రీన్‌ని రెండు రకాలుగా కొలిచి, రెండూ ఒప్పుకున్న చోటే వేలు అని నమ్మడం ఒక పద్ధతి. తీగల మధ్య సంకేతం ఒకటి, ఒక్కో తీగని విడిగా కొలవడం ఇంకొకటి. ఒంటరి నీరు రెండో దాంట్లో పెద్దగా కనిపించదు. మంచి ఫర్మ్‌వేర్ ఉంటే చుక్కలతో నిండిన స్క్రీన్ మీద కూడా ఒక వేలిని పట్టుకోగలదు. కానీ ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె ఏ స్పెక్స్ పట్టికలోనూ ఉండదు. షాపులో డెమో ఫోన్ మీద తడి వేలితో కీబోర్డ్ మీద ఒక వాక్యం రాసి చూడమని నా సలహా.

రమణ_సర్వీస్

ఇక్కడ నేను కొంచెం తేడా చెప్తానమ్మా. కొత్త ఫోన్‌లో ఆ పరీక్ష ఎప్పుడూ బాగానే వస్తుంది. అద్దం మీద నూనె, నీరు అంటకుండా పూత ఉంటుంది, చుక్కలు ముత్యాల్లా జారిపోతాయి. ఏడాది వాడాక, ముఖ్యంగా ఉప్పు, మట్టి చేతులతో వాడాక ఆ పూత అరుగుతుంది. అప్పుడు నీళ్ళు పొరలా పరుచుకుంటాయి. అప్పుడు ఆ ఆక్వా టచ్ ఎంత ఆదుకుంటుందో చూడాలి. నా దగ్గరికి వచ్చినవాటిలో ఆ ఫీచర్ ఉన్నవాటికి, లేనివాటికి పెద్ద తేడా చూడలేదు.

పద్మజ_ఫర్మ్‌వేర్

పూత గురించి మీరు చెప్పింది నిజం రమణ గారూ. ఫీచర్ తేడా చూపదన్న దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేను. మీ దగ్గరికి వచ్చేవి ఇబ్బంది ఉన్న ఫోన్లే, ఇబ్బంది లేనివి రావు కదా. ఏడాది అరిగిన రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూస్తే గాని తేలదు.

రమణ_సర్వీస్

అదీ నిజమే. రెండు దొరికితే చేసి ఇక్కడ పెడతాను.

శ్రీను_ఆక్వా

కొత్త ఫోన్ ఈ పంటకి వద్దనుకున్నాను. జేబులో రెండు గుడ్డలు పెట్టుకుంటున్నాను. మా తోడల్లుడి సామ్‌సంగ్‌లో వాల్యూమ్ బటన్ నొక్కితే కాల్ ఎత్తే సెట్టింగ్ ఉంది, నా ఫోన్‌లో అది లేదు. పవర్ బటన్‌తో కాల్ ఆపేది మాత్రం Accessibility లో దొరికింది, అది ఆన్ చేశాను. మేత నమోదు యాప్ తయారుచేసే అబ్బాయిని "సేవ్" పక్కన ఖాళీ వదలమని, "కాల్" బటన్ పైకి జరపమని అడిగాను, చేస్తానన్నాడు.

ఒక్కటి మిగిలింది. బ్లీచింగ్ రోజు మందపాటి గ్లౌజులు తప్పవు, వాటి లోపల నైట్రైల్ వేసుకున్నా పలకదు. ఆ రోజు ఎవరైనా ఏం చేస్తున్నారు?

నవీన్_రైడర్

అన్నా, నేను వాన గ్లౌజులతో గూగుల్ అసిస్టెంట్‌కి తెలుగులో చెప్పి కాల్స్ చేయిస్తున్నాను. నీ యాప్‌లో మాటతో నమోదు ఉందేమో అడుగు. ఛార్జర్ తీసేసి రెండు రోజులు తిప్పాను, నిన్న వానలో మ్యాప్ ఒక్కసారే జూమ్ అయింది.